ఫోన్ తాకిస్తే వెళ్లేది కార్డు నంబరు కాదు

ఫోన్‌లో కార్డు నమోదు చేసుకుని, దుకాణంలోని స్వైపింగ్ మెషిన్‌కు ఫోన్‌ను ఆనించి డబ్బు చెల్లించే పద్ధతికి ట్యాప్ టు పే అని పేరు. పైకి చూస్తే పర్సులోని కార్డు ఫోన్‌లోకి మారినట్టే ఉంటుంది. నిజానికి ఆ ఫోన్‌లో కార్డు నంబరే ఉండదు. కార్డు నెట్‌వర్కూ బ్యాంకూ కలిసి ఆ ఒక్క ఫోన్ కోసమే తయారుచేసిన వేరే నంబరు ఒకటి, దానికి జతగా ఎవరికీ కనిపించని రహస్య కీ ఒకటి మాత్రం ఉంటాయి. ఆ నంబరును టోకెన్ అంటారు. ఈ రెండూ ఎక్కడి నుంచి వస్తాయి, మెషిన్‌కు ఏం చేరుతుంది, మధ్యలో ఎవరైనా దొంగిలిస్తే ఏమవుతుంది అన్నవి తెలిస్తే ఈ పద్ధతి మొత్తం అర్థమైనట్టే.

కార్డు నంబరు బదులు వేరే నంబరు ఎందుకు కావలసి వచ్చిందో ముందు చూడాలి. కార్డు వెనుక నల్లపట్టీని గీకే రోజుల్లో ఆ పట్టీలోని సమాచారం ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. ఇవాళ గీకినా, వచ్చే ఏడాది గీకినా అవే అంకెలు. ఒక్కసారి వాటిని నకలు తీసుకున్నవాడు ఇంకో ఖాళీ కార్డు మీద ఎక్కించుకుని అసలు యజమానిలాగే వాడుకోవచ్చు. 2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో జరిగింది ఇదే. నవంబరు 27 నుంచి డిసెంబరు 15 వరకు, పండగ కొనుగోళ్లు ముమ్మరంగా సాగే రోజుల్లో, బిల్లింగ్ కౌంటర్ల మెషిన్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడి, గీకిన ప్రతి కార్డు వివరాన్నీ మెషిన్ మెమరీలోంచి ఏరుకుంది. సుమారు 4 కోట్ల కార్డుల సమాచారం పోయింది. కొనుగోలుదారులు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. సరుకులు కొని బిల్లు కట్టారు, అంతే.

చిప్ ఉన్న కార్డులు వచ్చాక నకిలీ కార్డులు చేయడం బాగా కష్టమైంది. అయినా అసలు నంబరు దుకాణం మెషిన్‌కు చేరుతూనే ఉంది. అక్కడ దాన్ని పట్టుకున్నవాడు ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్లలో వాడటానికి ప్రయత్నించవచ్చు. అసలు నంబరును దుకాణం గుమ్మం దాకా రానివ్వకుండా ఆపడమే దీనికి విరుగుడు. కార్డు నెట్‌వర్కుల ఉమ్మడి సంస్థ ఈఎంవీకో 2014 మార్చిలో టోకెన్ల విధివిధానాలను ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ పే అమెరికాలో మొదలైంది. మన దేశంలో ఫోన్లు, ట్యాబ్లెట్ల ద్వారా టోకెన్ చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2019 జనవరిలో అనుమతి ఇచ్చింది.

కార్డును ఫోన్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగే పని చాలామందికి ఒక ఫారం నింపడంలా అనిపిస్తుంది కానీ, వ్యవస్థ భద్రత అంతా ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది. వినియోగదారు వాలెట్ యాప్‌లో కార్డు వివరాలు కొడతారు, లేదా కెమెరాతో చూపిస్తారు. యాప్ వాటిని ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి కార్డు నెట్‌వర్కుకు, అంటే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి సంస్థకు చేరవేస్తుంది. నెట్‌వర్కు వెంటనే కార్డు ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది: ఫలానా ఫోన్‌లో ఈ కార్డు పెట్టుకోవాలని అడుగుతున్నారు, ఇవ్వమంటారా? బ్యాంకు సరే అనవచ్చు, కాదనవచ్చు, లేదా ఇంకొంచెం రుజువు కావాలనవచ్చు. ఎక్కువగా జరిగేది మూడోదే. అప్పుడే రిజిస్టర్ అయిన మొబైల్ నంబరుకు ఓటీపీ వస్తుంది. మన దేశంలో కార్డుదారు అనుమతిని ఇలా అదనపు ధ్రువీకరణతో తీసుకున్నాకే టోకెన్ ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

ఓటీపీ సరిపోగానే నెట్‌వర్కు టోకెన్‌ను పుట్టిస్తుంది. చూడటానికి అది అచ్చం కార్డు నంబరులాగే ఉంటుంది. అవే 16 అంకెలు, అదే వరస. కార్డు నంబర్లలో చివరి అంకె మిగతా అంకెల లెక్కతో సరిపోవాలన్న నియమం ఒకటుంది. టోకెన్ ఆ లెక్కకూ నిలుస్తుంది. ఇలా చేయడంలో పెద్ద ముందుచూపే ఉంది. దుకాణాల్లో ఉన్న లక్షలాది మెషిన్లు, బ్యాంకుల కంప్యూటర్లు కార్డు నంబర్లను మాత్రమే గుర్తుపట్టేలా తయారయ్యాయి. టోకెన్ కూడా అదే వేషంలో వస్తే వాటిలో దేన్నీ మార్చనక్కర్లేదు. టోకెన్ల కోసమే విడిగా కేటాయించిన అంకెలతో అది మొదలవుతుంది కాబట్టి, నెట్‌వర్కు మాత్రం దాన్ని చూడగానే పోల్చుకుంటుంది.

ఏ టోకెన్ ఏ కార్డుకు చెందినదో చెప్పే పట్టిక నెట్‌వర్కు దగ్గర, గట్టి కాపలాలో ఉంటుంది. దాన్ని టోకెన్ వాల్ట్ అంటారు. టోకెన్‌ను ఎంత కెలికినా అందులోంచి కార్డు నంబరు బయటికి రాదు. ఆ రెంటికీ సంబంధం పట్టికలో తప్ప ఇంకెక్కడా లేదు. గుడి బయట సెల్‌ఫోన్ కౌంటర్లో ఇచ్చే టోకెన్ బిళ్ల ఆ కౌంటర్లో తప్ప ఎక్కడా చెల్లనట్టే ఇది కూడా. పట్టికలో ప్రతి టోకెన్ పక్కన షరతులు రాసి ఉంటాయి: ఏ ఫోన్‌కు ఇచ్చారు, ఏ వాలెట్ అడిగింది, ఏ రకం చెల్లింపుకు వాడాలి. అందుకే ఒకే కార్డును రెండు ఫోన్లలో, ఒక వాచీలో పెట్టుకుంటే మూడు వేర్వేరు టోకెన్లు పుడతాయి.

టోకెన్‌తో పాటు ఫోన్‌కు చేరే రెండో వస్తువు రహస్య కీ. టోకెన్ ఎవరి కంటపడినా ఫరవాలేదు కానీ కీ మాత్రం పడకూడదు. అందుకోసమే ఐఫోన్లలోనూ మరికొన్ని ఫోన్లలోనూ సెక్యూర్ ఎలిమెంట్ అనే ప్రత్యేక చిప్ ఉంటుంది. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంతంగా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. ఫోన్‌లోని మామూలు యాప్‌లు సరే, ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అందులోని కీని చదవలేదు. ఈ లెక్క చేసిపెట్టు అని అడగవచ్చు, చిప్ లోపలే లెక్క చేసి జవాబు ఒక్కటే బయటికి ఇస్తుంది. చిప్‌ను విప్పి చూడటానికి, కరెంటు హెచ్చుతగ్గులతో ఏమార్చడానికి చేసే ప్రయత్నాలను తట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు. ఫోన్‌లో వైరస్ చొరబడినా కీ చేతికి చిక్కకపోవడానికి కారణం ఇదే. ఆపిల్ విషయంలో టోకెన్ ఈ చిప్‌లోనే ఉంటుంది. ఐక్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లదు. కొత్త ఐఫోన్ కొన్నవాళ్లు కార్డును మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోవలసి రావడం అందువల్లే.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దారి వేరు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి, ప్రత్యేక చిప్ అవసరం లేకుండా యాప్ తానే కార్డులా మాట్లాడే వీలు వచ్చింది. దీన్ని హోస్ట్ కార్డ్ ఎమ్యులేషన్ అంటారు. గూగుల్ పే వాడేది ఈ పద్ధతే. ఇందులో అసలు కీని ఫోన్‌లో దాచరు. కొన్ని చెల్లింపులకు మాత్రమే పనికొచ్చే, త్వరగా గడువు తీరిపోయే చిన్న కీలను సర్వర్ నుంచి అప్పుడప్పుడు పంపుతారు. ఒకవేళ ఎవరైనా కాజేసినా వాటితో ఎక్కువ దూరం పోలేరు. చిప్ ఇచ్చే గట్టి కాపలా ఇందులో లేదన్నది నిజమే. ఆ లోటును కీ ఆయుష్షు తగ్గించి పూడ్చారు. ఇంటర్నెట్ లేనిచోట ఈ ఫోన్లతో కొన్నిసార్లు తాకించి చెల్లించవచ్చు. చేతిలో ఉన్న కీలు అయిపోతే మాత్రం మళ్లీ నెట్ తగిలేదాకా ఆగాలి. చిప్ ఉన్న ఐఫోన్‌కు ఆ ఇబ్బంది లేదు. సిగ్నల్ అసలు లేకపోయినా ఫోన్ తన వంతు పని చేస్తుంది. ఇంటర్నెట్ కావలసింది దుకాణం మెషిన్‌కు.

ఇప్పుడు తాకించే క్షణం దగ్గరికి వద్దాం. మందుల దుకాణంలో 1,860 రూపాయల బిల్లు అయిందనుకుందాం. కొన్నవారి అసలు కార్డు చివరి నాలుగు అంకెలు 4417, ఫోన్‌లోని టోకెన్ చివరి అంకెలు 9062. దుకాణదారు మెషిన్‌లో మొత్తం కొట్టి ముందుకు జరుపుతాడు. కొన్నవారు వేలిముద్రతోనో ముఖంతోనో అనుమతి ఇచ్చి, ఫోన్‌ను మెషిన్ దగ్గర పెడతారు. మెషిన్ 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో చిన్న అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతూ ఉంటుంది. నియర్ ఫీల్డ్ కమ్యూనికేషన్, పొట్టిగా ఎన్‌ఎఫ్‌సీ అనేది ఇదే. ఇది పనిచేసే దూరం సుమారు 4 సెంటీమీటర్లు. ఫోన్ దానికి అందేంత దగ్గరికి రాగానే సంభాషణ మొదలవుతుంది.

మెషిన్ మొదట అడిగేది `2PAY.SYS.DDF01` అనే పేరు గల విభాగాన్ని. ప్రపంచంలో ఏ దేశంలో తాకించినా మెషిన్ తొలి పలకరింపు ఇదే. నీ దగ్గర ఏయే చెల్లింపు పద్ధతులున్నాయో చెప్పు అని దాని భావం. ఫోన్ తన జాబితా ఇస్తుంది. మెషిన్ ఒకదాన్ని ఎంచుకుని ఈ లావాదేవీ వివరాలు పంపుతుంది. అసలు రహస్యమంతా దీని తర్వాత వచ్చే జవాబులో ఉంది. మన మందుల బిల్లుకు ఇరువైపులా మారే సమాచారంలో ముఖ్యమైన వరసలు ఇలా ఉంటాయి:

```
9F02  000000186000
5F2A  0356
9F37  3C91A7E4
9F36  003A
9F26  7A31C90E54F2B86D
```

మొదటి వరస మొత్తం, పైసల్లో. రెండోది కరెన్సీ, రూపాయికి అంతర్జాతీయ సంఖ్య 356. మూడోది మెషిన్ అప్పటికప్పుడు ఊహకందకుండా పుట్టించిన సంఖ్య, ప్రతిసారీ కొత్తది. ఈ మూడూ మెషిన్ నుంచి ఫోన్‌కు వెళతాయి. నాలుగోది ఫోన్ నుంచి వస్తుంది. ఈ టోకెన్‌తో ఇది ఎన్నో లావాదేవీయో చెప్పే లెక్క అది, 003A అంటే 58వది. ఇది ఒక్కో చెల్లింపుకు ఒక్కో అంకె పెరగడమే తప్ప వెనక్కి తిరగదు. చివరి వరస క్రిప్టోగ్రామ్. పై వివరాలన్నింటినీ చిప్ తన రహస్య కీతో కలిపి లెక్క కట్టి ఇచ్చిన జవాబు. ఇక్కడ చూపిన అంకెలు నమూనా కోసం రాసినవే కానీ నిడివి, అమరిక అసలుకు తగ్గట్టే ఉన్నాయి. మొత్తంలో ఒక్క పైసా మారినా క్రిప్టోగ్రామ్ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కీ తెలియకుండా దాన్ని ఊహించి రాయడం ఎవరి వల్లా కాదు.

ఫోన్ ఈ క్రిప్టోగ్రామ్‌ను, 9062తో ముగిసే టోకెన్‌ను మెషిన్ చేతిలో పెడుతుంది. బీప్ వినిపిస్తుంది. అక్కడితో ఫోన్ పని అయిపోయింది. మెషిన్ ఆ పొట్లాన్ని దుకాణదారు బ్యాంకుకు, ఆ బ్యాంకు నెట్‌వర్కుకు పంపుతాయి. నెట్‌వర్కు వాల్ట్ తెరిచి 9062 అంటే 4417 అని పోల్చుకుంటుంది. రహస్య కీని మళ్లీ పుట్టించుకునే ఏర్పాటు దాని దగ్గరా ఉంటుంది కనుక అవే వివరాలతో తానూ లెక్క కట్టి చూస్తుంది. క్రిప్టోగ్రామ్ సరిపోయిందా, 58 అనేది ఇంతకుముందు వాడని సంఖ్యేనా, ఈ టోకెన్‌ను తాకించడానికే వాడారా అన్నవి తేలాక అసలు నంబరు జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు ఖాతాలో డబ్బు చూసి సరేనంటుంది. జవాబు వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది. ఇదంతా ఒకటి రెండు క్షణాల్లో అయిపోతుంది. దుకాణదారుకు గానీ, అతని బ్యాంకుకు గానీ పూర్తి కార్డు నంబరు ఏ దశలోనూ కనబడదు.

యూపీఐలో కూడా తాకించి చెల్లించే వీలుంది. పేరు ఒకటే అయినా పని తిరగబడి ఉంటుంది. అక్కడ దుకాణంలోని ట్యాగ్ నుంచి ఫోనే వ్యాపారి చిరునామాను చదువుకుంటుంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినట్టన్నమాట. డబ్బు పంపే ఆదేశం ఫోన్ నుంచి ఇంటర్నెట్ ద్వారా వెళుతుంది. ఇక్కడ చెప్పుకుంటున్న టోకెన్, క్రిప్టోగ్రామ్ సంగతులు కార్డు చెల్లింపులకే వర్తిస్తాయి.

ఇక, టార్గెట్ దుకాణాల్లో చొరబడినట్టు మన మందుల దుకాణం మెషిన్‌లోకీ దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడిందనుకుందాం. దానికి 9062 టోకెన్, దాని గడువు తేదీ, వాడేసిన క్రిప్టోగ్రామ్ దొరుకుతాయి. దొంగ ఆ టోకెన్‌ను ఖాళీ కార్డు నల్లపట్టీ మీద ఎక్కించి గీకితే, ఇది ఫోన్ తాకించడానికి ఇచ్చిన టోకెన్, పట్టీ మీద రావడమేమిటని నెట్‌వర్కు తిప్పికొడుతుంది. వెబ్‌సైట్‌లో కొట్టినా అదే సమాధానం. సరే, ఇంకో ఫోన్‌ను కార్డులా నటింపజేసి పాత క్రిప్టోగ్రామ్‌నే మరో దుకాణంలో వినిపిద్దామనుకున్నాడు. అక్కడి మెషిన్ కొత్త సంఖ్యను పుట్టిస్తుంది. పాత క్రిప్టోగ్రామ్ ఆ సంఖ్యకు సరిపోదు. పైగా 58 అయిపోయిన లెక్క. దొంగ చేతిలో మిగిలేది ఎందుకూ కొరగాని అంకెలు. వాటిని కొనేవాడూ ఉండడు. భద్రత పరంగా ఈ పద్ధతి సాధించిన అసలు విజయం ఇదే: దొంగతనాన్ని ఆపలేకపోయినా, దొంగిలించిన సరుకుకు విలువ లేకుండా చేసింది.

అయితే దొంగలు ఊరుకోలేదు. గోడ గట్టిగా ఉన్నచోటు వదిలి తలుపు దగ్గరికి వెళ్లారు. ఆ తలుపు, కార్డును ఫోన్‌లోకి ఎక్కించే ఆ రెండు నిమిషాలే. ఆపిల్ పే మొదలైన కొద్ది నెలలకే, 2015లో, అమెరికాలో దొంగిలించిన కార్డు వివరాలను మోసగాళ్లు తమ ఐఫోన్లలో ఎక్కించుకుని ఖరీదైన వస్తువులు కొన్న ఉదంతాలు బయటపడ్డాయి. చిప్‌నూ ఛేదించలేదు, టోకెన్‌నూ ఛేదించలేదు. కొన్ని బ్యాంకులు కార్డు అడిగినవారు అసలు యజమానో కాదో సరిగా విచారించకుండా సరేనన్నాయి, అంతే. ఇప్పుడు బ్యాంకులు ఓటీపీ అడుగుతున్నాయి కాబట్టి మోసగాళ్లు ఆ ఓటీపీ కోసమే ఫోన్ చేస్తారు. కేవైసీ అప్‌డేట్ అనో, రివార్డు పాయింట్లనో, పార్సిల్ డెలివరీ అనో మాటల్లో పెడతారు. ఓటీపీ చెప్పిన మరుక్షణం వాళ్ల ఫోన్‌లో ఆ కార్డుకు నిఖార్సైన టోకెన్, నిఖార్సైన కీ తయారవుతాయి. ఆ తర్వాత వాళ్లు చేసే ప్రతి చెల్లింపూ వ్యవస్థ కంటికి సక్రమంగానే కనిపిస్తుంది.

దీన్ని పసిగట్టే వీలు బాధితుల చేతిలోనే ఉంది. ఓటీపీతో వచ్చే సందేశంలో ఆ ఓటీపీ దేనికోసమో సాధారణంగా రాసి ఉంటుంది. మొత్తం, దుకాణం పేరు ఉండవలసిన చోట టోకెన్ అనో, వాలెట్‌కు కార్డు జతచేయడం అనో కనిపిస్తే, ఎవరో ఆ కార్డును ఏదో ఫోన్‌లో ఎక్కిస్తున్నారని అర్థం. అంకెల కోసం కళ్లు వెతికే తొందరలో ఆ మాటలు చదవని వాళ్లే ఎక్కువ.

రెండో బలహీనత దూరానికి సంబంధించింది. మెషిన్‌కు, ఫోన్‌కు మధ్య నాలుగు సెంటీమీటర్లే ఉండాలన్నది సాంకేతిక పరిమితి. మధ్యలో రెండు పరికరాలు కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తే ఆ దూరం ఎంతైనా కావచ్చు. దీన్ని రిలే దాడి అంటారు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్, సర్రే విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2021లో దీన్ని చేసి చూపించారు. మెట్రో గేటు దగ్గర ఫోన్ తెరవకుండానే తాకించి వెళ్లే ఎక్స్‌ప్రెస్ ట్రాన్సిట్ సదుపాయం ఐఫోన్లలో ఉంది. దానికి వీసా కార్డు పెట్టుకున్న ఫోన్‌ను, నీ ముందున్నది మెట్రో గేటే అని వాళ్లు నమ్మించి, లాక్ చేసి ఉన్న ఫోన్ నుంచి 1,000 పౌండ్ల చెల్లింపు జరిపించారు. ఫోన్ దొంగ చేతిలో గానీ, అతని పక్కన గానీ ఉంటేనే ఇది సాధ్యం. వేలిముద్ర, ముఖం అడిగే మామూలు చెల్లింపులో ఈ ఎత్తు పారదు. ఆ సదుపాయం అక్కర్లేనివారు సెట్టింగుల్లో దాన్ని తీసేసుకోవచ్చు.

మోసంతో సంబంధం లేకుండా, టోకెన్ వల్లనే వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. కొన్న వస్తువు తిరిగి ఇచ్చేటప్పుడు దుకాణదారు రసీదు మీద 9062 చూసి, చేతిలోని కార్డు మీద 4417 చూసి, ఇది ఆ కార్డు కాదంటాడు. అతనిది తప్పు కాదు. తన మెషిన్‌కు తెలిసింది 9062 ఒక్కటే. అప్పుడు కార్డు కాకుండా కొన్న ఫోన్‌నే మళ్లీ తాకించాలి. టోకెన్ చివరి అంకెలు వాలెట్ యాప్‌లో కార్డు వివరాల కింద కనిపిస్తాయి. లండన్ మెట్రోలో వెళ్లేటప్పుడు ఫోన్‌తో లోపలికి వెళ్లి, అదే ఖాతా కార్డుతో బయటికి వచ్చినవారికి రెండు అసంపూర్ణ ప్రయాణాల ఛార్జీ పడుతుంది. గేటు లెక్కలో ఫోన్, కార్డు ఇద్దరు వేర్వేరు ప్రయాణికులు. వెళ్లేటప్పుడు దేనితో తాకిస్తే వచ్చేటప్పుడూ దానితోనే తాకించాలి.

ఇదే లక్షణం ఫోన్ పోయినప్పుడు మాత్రం ఎంతో మేలు చేస్తుంది. ఆ ఫోన్‌కు ఇచ్చిన టోకెన్‌ను వాల్ట్‌లో నిలిపేస్తే చాలు, అసలు కార్డు ఎప్పటిలా పనిచేస్తూనే ఉంటుంది. కొత్త కార్డు కోసం వారాలు ఎదురుచూడనక్కర్లేదు. ఆటోమేటిక్‌గా కట్టే బిల్లులకు కొత్త నంబరు ఇవ్వనక్కర్లేదు. కార్డు గడువు తీరి బ్యాంకు కొత్తది పంపినా, వాల్ట్‌లోని పట్టికలో పాత నంబరు చోట కొత్తది చేర్చి ఫోన్‌లోని టోకెన్‌ను యథాతథంగా కొనసాగించే ఏర్పాటు కూడా ఉంది. కాబట్టి ఫోన్ పోగొట్టుకున్నవారు బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు కార్డు బ్లాక్ చేయమని తొందరపడకుండా, ముందు ఆ ఫోన్‌లోని టోకెన్‌ను నిలిపేయమని అడగాలి. అదే కాల్‌లో ఈ కార్డుకు ఇంకా ఏయే పరికరాల్లో టోకెన్లు ఉన్నాయో కూడా కనుక్కోవాలి. తమది కాని పరికరం ఒక్కటి ఉన్నా, అప్పుడు కార్డునే బ్లాక్ చేయించడం తప్పనిసరి.